హాల్లో ఫుల్లు, చివరి గదిలో నిల్లు: వైఫై ఎక్కడ ఆగిపోతోంది?

ప్రశ్న: "రూటర్ హాల్లో టీవీ కింద అరలో ఉంది. హాల్లో స్పీడు బాగానే వస్తుంది. చివరి బెడ్‌రూమ్‌లో మాత్రం వీడియో కాల్ మధ్యలో ఆగిపోతుంది, తలుపు మూస్తే ఇంకా ఘోరం. చదువుకునే గదిలో గీతలు నిండుగానే కనిపిస్తాయి, కానీ సాయంత్రమైతే పాత ల్యాప్‌టాప్‌లో ఒక్క పేజీ తెరుచుకోదు. ప్లాన్ పెంచాలా, రూటర్ మార్చాలా, లేక సెట్టింగులతో సరిపోతుందా?"

ప్లాన్ పెంచకండి, రూటర్ కూడా ఇప్పుడే కొనకండి. మీ రెండు గదులకూ ఉన్నది ఒకే జబ్బు కాదు. బెడ్‌రూమ్‌కి సిగ్నల్ చేరడం లేదు. చదువుకునే గదికి సిగ్నల్ చేరుతోంది గానీ, మాట్లాడే వంతు దొరకడం లేదు. మొదటిదానికి మందు రూటర్ చోటు మార్చడం, రెండోదానికి మందు ఛానెల్ మార్చడం. ఒకదాని మందు ఇంకోదానికి పెద్దగా పనిచేయదు. ఛానెల్ మార్చినంత మాత్రాన గోడ పలచబడదు కదా. చాలామంది దొరికిన సెట్టింగునల్లా మార్చి చూసి, ఏదీ లాభం లేదని కొత్త రూటర్ తెచ్చి, దాన్నీ తీసుకెళ్లి అదే టీవీ కింద అరలో పెడతారు.

అన్నిటికంటే ముందు, తప్పు అసలు వైఫైదేనా అన్నది తేల్చుకోవాలి. స్పీడ్ టెస్ట్‌తో ఇది తెలియదు, ఎందుకంటే అది మీ గది నుంచి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా మొత్తం దారిని కలిపి కొలుస్తుంది. మనకు కావలసింది గది నుంచి రూటర్ దాకా ఉన్న ముక్క మాత్రమే. విండోస్ ల్యాప్‌టాప్‌తో చివరి బెడ్‌రూమ్‌లో కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌లో `ipconfig` కొట్టండి. అందులో `Default Gateway` అన్న వరుసలో కనిపించేది మీ రూటర్ అడ్రస్. అది 192.168.1.1 అనుకుంటే, ఇలా కొట్టండి:

```
ping -n 100 192.168.1.1
```

రూటర్ పక్కనే కూర్చుని చేస్తే చాలావరకు ఒకటి నుంచి ఐదు మిల్లీసెకన్లలో జవాబు వస్తుంది. బెడ్‌రూమ్‌లో చేసినప్పుడు మధ్యమధ్యలో `Request timed out` అని వస్తున్నా, అంకెలు ఒకసారి 4, ఒకసారి 350 అని ఎగిరిపడుతున్నా తప్పు ఇంట్లోనే, అంటే వైఫైలోనే ఉంది. ఇక్కడ అంకెలు నిలకడగా ఉండి కూడా ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందంటే గొడవ రూటర్ అవతల ఉన్నట్టు. అప్పుడు కింద నేను రాసినదేదీ మీకు పనికిరాదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లతోనే మాట్లాడాలి.

ఇప్పుడు సిగ్నల్ కొలవాలి. ఫోన్‌లో కనిపించే గీతలను నమ్మొద్దు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసేవాళ్ల ఇష్టం, అందరికీ వర్తించే లెక్క లేదు. కొలిచే అంకె వేరే ఉంది: `dBm`, మనం డీబీఎం అనుకుందాం. ఇది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరవుతున్న కొద్దీ సిగ్నల్ బలం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ ఏదైనా దీన్ని చూపిస్తుంది. ఐఫోన్‌లో మామూలు యాప్‌లకు ఆ వీలు లేదు. ఆపిల్ వాళ్ల `AirPort Utility` పెట్టుకుని, ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ పేరు కింద `Wi-Fi Scanner` ఆన్ చేస్తే కనిపిస్తుంది. విండోస్‌లో ఈ కమాండ్ చాలు:

```
netsh wlan show interfaces
```

ఇందులో `Channel` అన్న వరుస, `Signal` అన్న వరుసలో ఒక శాతం ఉంటాయి. ఆ శాతాన్ని సగం చేసి, అందులోంచి 100 తీసేస్తే దాదాపుగా డీబీఎం వస్తుంది. 38% ఉంటే సగం 19, అందులోంచి 100 తీస్తే మైనస్ 81. అంచనాకి ఇది సరిపోతుంది.

-50 దగ్గర ఉంటే మీరు దాదాపు రూటర్ ఎదురుగా ఉన్నట్టే. -60 నుంచి -67 దాకా వీడియో కాల్‌కి కూడా ఢోకా ఉండదు. ఆఫీసుల్లో వైఫై వేసేవాళ్లు కాల్స్ కోసం మామూలుగా పెట్టుకునే గీటురాయి ఈ -67. -70 దాటాక పట్టు సడలుతుంది. -80 దగ్గర కనెక్ట్ అయినట్టు కనిపిస్తుంది తప్ప పని జరగదు. ఈ లెక్కలో ఒక కిటుకు ఉంది: 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు అయినట్టు. అంటే -50కీ -80కీ మధ్య తేడా ముప్పై మెట్లు కాదు, వెయ్యి రెట్లు. అందుకే రూటర్‌ని కాస్త జరిపి ఐదారు డీబీలు మిగిల్చుకున్నా ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

కొలిచేటప్పుడు ప్రతి గదిలో మీరు నిజంగా కూర్చునే చోటే నిలబడండి. పదిహేను ఇరవై సెకన్లు ఆగండి, తర్వాత వెనక్కి తిరిగి మళ్లీ చూడండి. మన ఒంట్లో ఉన్నది చాలావరకు నీళ్లే కాబట్టి మనిషే రూటర్‌కీ ఫోన్‌కీ మధ్య అడ్డం వస్తాడు, తిరిగినప్పుడల్లా అంకె నాలుగైదు మారుతుంది. రెంటికీ మధ్యస్థంగా ఉన్నది రాసుకోండి, పక్కన ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో, అంటే రూటర్ వాడే రెండు రేడియో పట్టీల్లో అది 2.4 గిగాహెర్ట్జా, 5 గిగాహెర్ట్జా అన్నది కూడా రాయండి. ఈ పని చేస్తున్నంతసేపూ రూటర్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టుకుంటే మంచిది. ఒకే పేరు ఉంటే ఫోన్ మీకు చెప్పకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది, మీ కొలతలన్నీ కలగాపులగం అవుతాయి.

మీ ఇంటి లాంటిదే ఒక ఇల్లు ఈ మధ్య మా బంధువులది చూశాను. అంకెలు కాగితం మీద రాసిపెట్టుకున్నాను కాబట్టి అదే చెబుతాను.

రూటర్ హాల్లో బయటి గోడ మూల, టీవీ యూనిట్ కింది అరలో, నేలకి ఒక అడుగు ఎత్తులో ఉంది. ముందు సెట్‌టాప్ బాక్సు, పైన పెద్ద టీవీ. హాల్లో సోఫా దగ్గర 5 గిగాహెర్ట్జ్‌లో -44 వచ్చింది. చదువుకునే గదిలో -58. చివరి బెడ్‌రూమ్‌లో మంచం మీద -82. అదే మంచం మీద 2.4కి మారితే -72.

ముందు ఆ -82 సంగతి. రూటర్ నుంచి మంచానికి దూరం పన్నెండు మీటర్లు. ఖాళీ చోట దూరం రెండింతలయ్యే కొద్దీ 6 డీబీ పోతుంది, కాబట్టి దూరం ఒక్కటే ఇంత చేయదు. మధ్యలో రెండు ఇటుక గోడలు ఉన్నాయి. లోపల బోలుగా ఉండే పలచటి పార్టిషన్ అయితే మూడు నాలుగు డీబీతో వదిలేస్తుంది. ఇటుక గోడ అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో తీసుకుంటుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు పది నుంచి ఇరవై దాకా మింగేస్తుంది. అయితే ఆ ఇంట్లో అసలు తిరకాసు గోడల సంఖ్యలో లేదు, వాటిని సిగ్నల్ దాటుతున్న కోణంలో ఉంది.

కాగితం మీద ఇంటి ప్లాన్ గీసి, రూటర్ నుంచి మంచానికి స్కేలు పెట్టి ఒక గీత గీయండి. మూల నుంచి మూలకి గీస్తే ఆ గీత గోడలను అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తుంది. తొమ్మిది అంగుళాల గోడని తిన్నగా దాటితే తొమ్మిది అంగుళాలే. 45 డిగ్రీల వాలులో దాటితే దాదాపు పదమూడు అంగుళాల గోడ. 60 డిగ్రీలకి వంగితే పద్దెనిమిది, అంటే లెక్కకి రెండు గోడలు. రూటర్‌ని మూలలో పెట్టడం వల్ల వచ్చే నష్టం ఎక్కువగా ఇదే. దానికితోడు మూలలో ఉన్న రూటర్ తన సిగ్నల్‌లో సగానికి పైగా బయటి గోడకీ వీధికీ పంచిపెడుతుంది.

ఆ గీత మీదే ఇంకొకటి దొరికింది. బెడ్‌రూమ్ గోడకి ఆనించి ఇనుప బీరువా ఉంది, దాని తలుపుకి నిలువుటద్దం. ఇనుప రేకు సిగ్నల్‌ని లోపలికి పోనివ్వదు, వెనక్కి తిప్పికొడుతుంది. అద్దం వెనక పూత కూడా లోహమే కాబట్టి అదీ అంతే. ఫ్రిజ్, నీళ్లు నిండిన చేపల తొట్టి కూడా ఇదే జాబితాలో వస్తాయి. అంటే ఆ మంచానికి నేరుగా వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది, వచ్చే కాస్త సిగ్నల్ నడవాలోకి వెళ్లి, తలుపులోంచి లోపలికి తిరుగుతోంది. మీ ఇంట్లో తలుపు మూస్తే ఘోరంగా ఉంటోందని రాశారు చూడండి, అది సరిగ్గా దీనికే గుర్తు. చెక్క తలుపు పెద్ద అడ్డమేమీ కాదు, మూడు నాలుగు డీబీ మాత్రమే పోతుంది. సిగ్నల్ అప్పటికే అంచు మీద ఉంటే ఆ నాలుగు కూడా కాల్‌ని తెంచేస్తాయి. మీ గదికి సిగ్నల్ ఏ దారిలో వస్తోందో ఆ తలుపే మీకు చెబుతోంది.

మేం మొదట చేసింది పైసా ఖర్చు లేని పని. రూటర్‌ని అరలోంచి తీసి టీవీ యూనిట్ నెత్తిన, ఐదడుగుల ఎత్తులో పెట్టాం. మంచం దగ్గర -82 కాస్తా -76 అయింది. కింద ఉన్నప్పుడు టీవీ వెనక రేకు, సోఫాలు, బల్లలు అన్నీ అడ్డమే. ఎత్తు మీదకి వస్తే వాటి తలల మీదుగా పోతుంది.

రెండోది, ఎనిమిది మీటర్ల లాన్ కేబుల్ వేసి రూటర్‌ని హాల్లోంచి నడవా మొదట్లోకి, తలుపు చట్రం పైన గోడకి మార్చాం. ఫైబర్ వచ్చే డబ్బా పాత చోటే ఉండిపోయింది, రూటర్ మాత్రమే కదిలింది. ఇప్పుడు మంచం దగ్గర -64. చదువుకునే గదిలో -52. హాల్లో సోఫా దగ్గర -44 నుంచి -50కి పడింది, దాని వల్ల ఎవరికీ ఏ తేడా తెలియలేదు. లెక్క చూడండి, అవసరం లేని చోట ఆరు పోయింది, అవసరమున్న చోట పద్దెనిమిది వచ్చింది. పద్దెనిమిది డీబీ అంటే అరవై రెట్లకు పైగా బలం. ఏ కొత్త రూటర్ డబ్బా మీద ఎన్ని యాంటెన్నాలు ఉన్నా ఒక్క దెబ్బకి అరవై రెట్లు ఇవ్వదు.

ఫైబర్ డబ్బా, రూటర్ రెండూ ఒకటే పరికరం అయితే దాన్ని మీరే లాగి జరపకండి. లోపలిది గాజు పోగు, సన్నగా మడిస్తే వెలుతురు కారిపోతుంది లేదా విరుగుతుంది. అలాంటప్పుడు దాన్ని అక్కడే ఉంచి, లాన్ కేబుల్‌తో రెండో రూటర్‌ని నడవాలో పెట్టి, దాన్ని `Access Point` మోడ్‌లో, అంటే వైఫై పంచే పని మాత్రమే చేసేలా నడపండి, పాతదానిలో వైఫై ఆపేయండి. మామూలు `Cat 5e` కేబుల్ వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది కాబట్టి ఇంట్లో ఎంత పొడవు వేసినా నష్టం లేదు.

యాంటెన్నాల గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిని గది వైపు గురిపెట్టడం చాలామందికి అలవాటు. యాంటెన్నా కర్ర కొసలోంచి సిగ్నల్ టార్చిలైట్‌లా రాదు. గాలి నింపిన ట్యూబు మధ్యలో కర్ర నిలబెట్టామనుకోండి, సిగ్నల్ ఆ ట్యూబు ఆకారంలో కర్ర చుట్టూ పరుచుకుంటుంది, కొసల వైపు అతి తక్కువ. బెడ్‌రూమ్ వైపు యాంటెన్నా కొస చూపించారంటే, ఆ గదికి ట్యూబు మధ్య కంత చూపించినట్టే. ఒకే అంతస్తు ఇల్లయితే యాంటెన్నాలన్నీ నిలువుగా ఉంచండి. పై అంతస్తుకి కూడా కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టండి. యాంటెన్నాలు లోపలే ఉన్న రూటర్‌ని తయారీదారు నిలబెట్టమంటే నిలబెట్టండి, గోడకి తగిలించమంటే తగిలించండి. అడ్డంగా పడేస్తే ఆ ట్యూబు కూడా అడ్డం తిరుగుతుంది.

రూటర్ సెట్టింగుల్లో `Transmit Power` అనేది కనిపిస్తే, దాన్ని పెంచితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ వైఫై రేడియోలా ఒకవైపు ప్రసారం కాదు, ఇది సంభాషణ. రూటర్ పంపిన ప్రతి ముక్కకీ ఫోన్ "అందింది" అని తిరిగి చెప్పాలి. ఫోన్ గొంతు చిన్నది, బ్యాటరీ మీద బతికేది. రూటర్ గొంతు పెంచితే మీ ఫోన్‌లో గీతలు పెరుగుతాయి గానీ మీ ఫోన్ చెప్పేది రూటర్‌కి వినపడడంలో మార్పేమీ రాదు. కాల్‌లో అవతలివాళ్ల బొమ్మ మీకు బాగా కనిపిస్తూ, మీరు మాత్రం వాళ్లకి గడ్డకట్టినట్టు కనిపిస్తున్నారంటే చాలావరకు ఇదే కారణం. దూరం తగ్గిస్తే, గోడ తప్పిస్తే రెండు వైపులా లాభం వస్తుంది, పవర్ పెంచితే ఒకవైపే వస్తుంది.

ఇక చదువుకునే గది. అక్కడ సిగ్నల్‌కి లోటే లేదు. ఆ ఇంట్లో కూడా పాత ల్యాప్‌టాప్ ఒకటి అక్కడే ఉంటుంది, దాని కార్డుకి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరేది తెలియదు. మధ్యాహ్నం పింగ్ చేస్తే 3, 5, 4 మిల్లీసెకన్లు. రాత్రి ఎనిమిదికి చేస్తే 40, 210, 7, 640. సిగ్నల్ రెండు పూటలా ఒక్కటే. సిగ్నల్ మారకుండా పూటను బట్టి జవాబు మారుతోందంటే అది చాలావరకు చుట్టుపక్కల రద్దీయే.

వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ప్రతి పరికరమూ ముందు చెవి పెట్టి వింటుంది, ఎవరూ మాట్లాడకపోతే తను మొదలుపెడుతుంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. ఈ ఆగడం మీ ఇంటి పరికరాల కోసమే కాదు, అదే ఛానెల్ మీద వినపడే పక్కింటి రూటర్ కోసం కూడా. వాళ్ల పాస్‌వర్డ్ వేరు, మీ పాస్‌వర్డ్ వేరు, కానీ గాలి మాత్రం ఉమ్మడిది. సాయంత్రం నలుగురూ వీడియోలు పెట్టుకుంటే మీ వంతు వచ్చేసరికి ఆలస్యం అవుతుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లకి 1 నుంచి 13 దాకా నంబర్లు ఉన్నాయి, కొన్ని దేశాల్లో 11 దాకానే. పదమూడు ఉన్నాయంటే పదమూడు వేర్వేరు దారులు అనుకుంటాం, అక్కడే మోసపోతాం. పక్కపక్క నంబర్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ వైఫై ఒక్కసారి వాడుకునే వెడల్పు కనీసం 20. కాబట్టి 4వ నంబరులో కూర్చున్నవాడు నిజానికి 2 నుంచి 6 దాకా కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు. ఒకరి మీద ఒకరు పడకుండా మిగిలేవి 1, 6, 11 మాత్రమే.

మరి 1లోనూ 6లోనూ జనం ఉన్నారు కదా, మధ్యలో 3 లేదా 4 పెట్టుకుంటే హాయి కదా అని చాలామంది నన్ను అడిగారు. దానంత చెడ్డ ఎంపిక ఇంకోటి లేదు. ఒకే ఛానెల్ మీద ఉన్న రూటర్లు ఒకదాని మాట ఇంకోదానికి అర్థమై, వంతులు వేసుకుంటాయి. నెమ్మదిగానైనా పని నడుస్తుంది. సగం సగం కలిసే ఛానెళ్లలో ఉన్నవాటికి అవతలివాడి మాట మాటగా వినపడదు, గోలగా వినపడుతుంది. ఆ గోల మరీ పెద్దదైతే తప్ప ఆగవు, మీద పడి మాట్లాడేస్తాయి, ఇద్దరివీ పాడైపోతాయి, ఇద్దరూ మళ్లీ చెప్పాలి. అటు 1లో ఉన్నవాళ్లతోనూ ఇటు 6లో ఉన్నవాళ్లతోనూ తగువు తెచ్చుకున్నట్టే.

ఆ ఇంట్లో రూటర్ `Auto`లో ఉండి, సరిగ్గా 4 మీద కూర్చుంది. వెడల్పు కూడా 40 మెగాహెర్ట్జ్ పెట్టుకుంది, అంటే 2.4 బ్యాండ్‌లో సగం తనే ఆక్రమించింది. చుట్టూ ఎవరెవరు ఉన్నారో ఇలా చూశాం:

```
netsh wlan show networks mode=bssid
```

ఇది చూపించే శాతాలను పైన చెప్పినట్టే డీబీఎంలోకి మార్చుకున్నాం. ఛానెల్ 1 మీద ఇద్దరు, -62, -70. ఛానెల్ 6 మీద నలుగురు, వాళ్లలో బలమైనది -55. ఛానెల్ 11 మీద ముగ్గురు, కానీ ముగ్గురూ -84 కంటే కింద. తలలు లెక్కపెడితే 1 మంచిదనిపిస్తుంది, ఇద్దరే కదా. మేం తీసుకున్నది 11. మన చెవికి గట్టిగా వినపడేవాళ్ల కోసమే మన రూటర్ ఆగాలి. దూరాన గుసగుసగా వినపడే ముగ్గురి కంటే గోడకి అవతల గట్టిగా మాట్లాడే ఒక్కడే ఎక్కువ అడ్డం. అందుకే ఎంతమంది ఉన్నారని కాకుండా, ఎంత గట్టిగా వినపడుతున్నారని చూడండి. ఈ స్కాన్ సాయంత్రమే చేయండి, మీకు ఇబ్బంది వచ్చే గంటలోనే. ఇంకో మాట, స్కాన్‌లో రూటర్ ఉందో లేదో తెలుస్తుంది గానీ అది ఎంత బిజీగా ఉందో తెలియదు. కాబట్టి రెండు ఛానెళ్లు సరిసమానంగా కనిపిస్తే ఒక్కోదానిలో ఒక్కో సాయంత్రం పింగ్ చేసి చూడడమే మార్గం.

మార్చడం తేలికే. బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్తే `Wireless` కింద 2.4కి ఒక పేజీ, 5కి ఒక పేజీ ఉంటాయి. 2.4 పేజీలో `Channel` దగ్గర `Auto` తీసి 11 పెట్టాం, `Channel Width` లేదా `Bandwidth` దగ్గర `20 MHz` పెట్టి సేవ్ చేశాం. వైఫై కాసేపు పోయి మళ్లీ వచ్చింది, కంగారు పడక్కర్లేదు. ఆ రాత్రి ఎనిమిదికి అదే గదిలో అదే ల్యాప్‌టాప్‌తో పింగ్ చేస్తే 4 నుంచి 12 మధ్యలో తిరిగింది, వందలో రెండు మాత్రం 60 దాటాయి.

`Auto` మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మంచి రూటర్లు అప్పుడప్పుడూ చుట్టూ చూసి ఛానెల్ మార్చుకుంటాయి. చాలా రూటర్లు మాత్రం ఆన్ అయినప్పుడు ఒక్కసారి చూసి, దొరికిన చోట కూర్చుని, మళ్లీ కరెంటు పోయి వచ్చేదాకా కదలవు. పగలు పదకొండింటికి ఖాళీగా ఉందని కూర్చున్న చోటే రాత్రి తొమ్మిదికి కిక్కిరిసిపోతుంది. రూటర్ ఆపి ఆన్ చేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికి వస్తోందంటే దీన్ని అనుమానించండి.

2.4 బ్యాండ్‌లో వైఫై కాని గోల కూడా ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే, అది తిరుగుతున్నంతసేపూ వంటగది పక్క గదిలో పింగ్ ఎగిరితే కారణం అదే. రూటర్ వెనక యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే దాన్ని ఒకసారి తీసి చూడండి, ఆ కేబుల్ వెదజల్లే గోల ఇదే బ్యాండ్‌లో పడుతుంది.

5 గిగాహెర్ట్జ్ వాడగలిగే పరికరాలన్నిటినీ అక్కడికే పంపండి. అక్కడ దారులు ఎక్కువ, పైగా గోడలను సరిగా దాటలేకపోవడమే దాని వరం కూడా, పక్కింటివాళ్ల సిగ్నల్ కూడా మీదాకా రాదు. దూరం సమానమైనప్పుడు 2.4 కంటే 5లో ఆరేడు డీబీ ఎక్కువ పోతుంది, గోడల నష్టం దానికి అదనం. ఆ ఇంట్లో అదే మంచం మీద -72కీ -82కీ తేడా అక్కడిదే.

5లో మీరు ఎంచుకోవాల్సింది ఛానెల్ కంటే ముందు వెడల్పు. చాలా రూటర్లు 80 మెగాహెర్ట్జ్‌తో వస్తాయి. వెడల్పు రెట్టింపు చేస్తే దగ్గర్లో వేగం రెట్టింపు అవుతుంది గానీ, లోపలికి వచ్చే గోల కూడా రెట్టింపు, అంటే 3 డీబీ నష్టం. హాల్లో -50 దగ్గర ఈ మూడు లెక్కలోకి రావు. -70 దగ్గర ఉన్న గదికి మాత్రం అవే ప్రాణం. చివరి గది ఇంకా తటపటాయిస్తుంటే 80 నుంచి 40కి దించి చూడండి. స్పీడ్ టెస్ట్‌లో హాల్లో అంకె తగ్గుతుంది, చివరి గదిలో కాల్ తెగకుండా నిలబడుతుంది. నేనైతే ఆ బేరం ఒప్పుకుంటాను. 160 జోలికి ఈ ఇంట్లో వెళ్లొద్దు.

ఛానెల్ విషయానికొస్తే 36 నుంచి 48 దాకా ఒక గుంపు, చాలా దేశాల్లో 149 నుంచి పైన ఇంకో గుంపు, ఇవి మామూలువి. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్‌లతో పంచుకునేవి. వాటిలో ఒకటి పెడితే రూటర్ కనీసం ఒక నిమిషం ఊరకే విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే వైఫై మొదలుపెడుతుంది. ఆ నిమిషంలో 5 గిగాహెర్ట్జ్ పేరు మాయమైపోతుంది, రూటర్ పాడైందని టెన్షన్ పడకండి. తర్వాత ఎప్పుడైనా రాడార్ అనిపిస్తే ఉన్నపళంగా ఖాళీ చేసి వేరే ఛానెల్‌కి పోతుంది, ఆ క్షణంలో మీ కాల్ తెగుతుంది. చుట్టూ బాగా రద్దీ ఉన్నచోట ఆ మధ్య ఛానెళ్లు ఖాళీగా ఉండి లాభమే చేస్తాయి. మీ స్కాన్‌లో 36 గుంపు గానీ 149 గుంపు గానీ ఖాళీగా ఉంటే దాంతోనే ఆగండి. రూటర్‌లో దేశం సరిగా ఎంచుకోండి, ఏ ఛానెల్ మీద ఎంత పవర్ అనుమతి అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఇంత చేశాక కూడా మంచం దగ్గర సిగ్నల్ -72 కంటే మెరుగుపడకపోతే, అప్పుడు మాత్రమే రెండో పరికరం గురించి ఆలోచించండి. మొదటి ఎంపిక నేను పైన చెప్పిన లాన్ కేబుల్, దాని కొసన ఒక యాక్సెస్ పాయింట్. కేబుల్ లాగడం అసలు కుదరకపోతే రిపీటర్ లేదా మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పరికరాల జట్టు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి మాటనీ రూటర్ దగ్గర విని, అదే ఛానెల్ మీద మళ్లీ మీకు చెబుతుంది. ఒకే మాట రెండుసార్లు చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. కేబుల్ లేకుండా పెట్టిన మెష్‌కి కూడా, రూటర్‌తో మాట్లాడడానికి వేరే రేడియో ఉంటే తప్ప ఇదే లెక్క.

దాన్ని పెట్టే చోటులోనే దాదాపు అందరూ పొరబడతారు. సిగ్నల్ రాని బెడ్‌రూమ్‌లో పెట్టకండి. ముందు ఫోన్ పట్టుకుని నడవాలో నడుస్తూ, రూటర్ సిగ్నల్ ఇంకా -65 దగ్గర ఉన్న చోటు వెతికి, అక్కడ పెట్టండి. రిపీటర్‌కే -78 అందే చోట పెడితే, అది తనకి అందిన ఆ నలిగిపోయిన కనెక్షన్‌నే మీకు నిండు గీతలతో పంచుతుంది. ఫోన్‌లో ఫుల్ సిగ్నల్, కాల్ మాత్రం తెగుతూనే ఉంటుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో గీతలు చూసి కనిపెట్టలేరు. రిపీటర్ పక్కనే నిలబడి, మొదట చేసిన పింగ్‌నే మళ్లీ రూటర్ అడ్రస్‌కి కొట్టి చూడండి. రిపీటర్ అంత దగ్గర్లో ఉన్నా అంకెలు ఎగురుతుంటే, దాన్ని రూటర్ వైపు ఇంకో రెండు మీటర్లు జరపండి.